నేల మీద కనిపించిన రోగి, నర్సు రాసే నోట్

రోగి మంచం పక్కన నేల మీద కనిపించినప్పుడు నర్సు కేస్‌షీట్‌లో రాసే నోట్‌కి ఒక నియమం ఉంది. ఆయన పడటాన్ని ఎవరూ కళ్లారా చూడకపోతే ‘పడిపోయాడు’ అని రాయకూడదు. ‘మంచం పక్కన నేల మీద ఉండగా కనిపించాడు’ అని రాయాలి. బయటివాళ్లకు ఇది మాటల గారడీలా, ఆసుపత్రి తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి వేసిన ఎత్తులా అనిపించవచ్చు. ఈ నియమం పుట్టింది అందుకు కాదు. మనిషి మంచం మీద నుంచి నేల మీదికి చేరడానికి దారులు చాలా ఉన్నాయి. నిద్రలో దొర్లవచ్చు, లేచి నిలబడ్డాక స్పృహ తప్పవచ్చు, తడిలో కాలు జారవచ్చు, మూర్ఛ రావచ్చు. మన వార్డుల్లో ఇంకో సంగతీ ఉంది. ఇంట్లో చాప మీద పడుకోవడం అలవాటైన పెద్దవాళ్లకు ఇనుప మంచం, రెక్సిన్ పరుపు పడవు. రాత్రి అందరూ నిద్రపోయాక దుప్పటి తీసుకుని కింద పడుకుంటారు. ‘పడిపోయాడు’ అని రాసేస్తే ఈ దారులన్నీ మూసుకుపోయి ఒక్కటే మిగులుతుంది. తర్వాత వచ్చే డాక్టర్ కూడా ఆ ఒక్క దారినే వెతుకుతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం, మనిషి తనకు తెలియకుండా, అనుకోకుండా నేల మీదికో, అంతకంటే దిగువ చోటికో చేరితే అది పతనమే. కాబట్టి లెక్కల్లో ఆసుపత్రులు ఇలాంటి సంఘటనను ‘ఎవరూ చూడని పతనం’ కింద వేస్తాయి, జాగ్రత్తలు కూడా ఆ లెక్కనే తీసుకుంటాయి. అంటే పడ్డాడనే అనుకుని పరీక్షిస్తారు, నోట్‌లో మాత్రం చూసిందే రాస్తారు. ఈ రెండింటికీ మధ్య వైరుధ్యమేమీ లేదు. అనుమానంతో చికిత్స చేయవచ్చు, కానీ అనుమానాన్ని జరిగిన విషయంగా రాయకూడదు.

ఇందుకు ఒక కల్పిత కేసు తీసుకుందాం. మగవాళ్ల మెడికల్ వార్డు, 14వ నంబరు మంచం. రోగి వయసు 68. షుగర్, బీపీ ఉన్నాయి. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుకు వార్ఫరిన్ వాడుతున్నాడు. ఇది రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర. ఎడమ పాదం వాచి చీము పట్టడంతో చేర్చుకున్నారు. ఎడమ చేతికి సెలైన్ నడుస్తోంది. రాత్రి 2:40కి నైట్ డ్యూటీ నర్సు చూసేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. తెల్లవారాక కేస్‌షీట్ తెరిస్తే అందులో ఇలా ఉందనుకుందాం:

“రాత్రి పేషెంట్ బెడ్ మీద నుంచి పడిపోయాడు. చెప్పినా వినకుండా సొంతంగా లేచాడు. దెబ్బలేమీ తగల్లేదు. డాక్టర్‌కి ఇన్‌ఫామ్ చేశాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు.”

ఇలాంటి నోట్లు నిజంగానే రాస్తుంటారు. రాసినవాళ్లు అబద్ధం చెప్పాలని రాయరు. పని ఒత్తిడిలో, తోచినది తోచినట్టు నాలుగు ముక్కలు రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. అయితే ఈ అయిదు వాక్యాల్లో డాక్టర్‌కి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ‘రాత్రి’ అంటే ఎన్ని గంటలకు? ‘బెడ్ మీద నుంచి’ అని ఎలా తెలిసింది? బాత్‌రూమ్‌కు వెళ్లి తిరిగి వస్తూ కూడా పడి ఉండవచ్చు కదా. ‘చెప్పినా వినకుండా’ అన్నది రోగి మీద తీర్పు. లేవవద్దని ఎప్పుడు చెప్పారో, ఆయన ఏమన్నాడో రాస్తే అది సమాచారం అవుతుంది. అది లేకపోతే మిగిలేది రాసినవాళ్ల చిరాకే. అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘దెబ్బలేమీ తగల్లేదు’ అన్న మాట. నర్సు చూసి చెప్పగలిగేది పైకి కనిపించే గాయాల గురించే. పుర్రె లోపల ఏం జరుగుతోందో టార్చిలైటుకు కనిపించదు. ఇక ‘బాగానే ఉన్నాడు’ అన్న మాటను రెండు గంటల తర్వాత ఇంకో నర్సు దేనితోనూ పోల్చి చూడలేదు.

మంచి నోట్ కాగితం మీద కంటే ముందు నేల మీదే, రోగి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నప్పుడే మొదలవుతుంది. ఆ సమయంలో నర్సు చేసే మొదటి పని ఆయన్ని లేపకుండా ఉండటం. “పెద్దాయనా, కదలకండి. ముందు నేను చూస్తాను” అంటుంది. అటెండెంట్లు, వార్డుబాయ్‌లు పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపబోతే వాళ్లనూ ఆపాలి. మెడ ఎముకకో, తుంటికో దెబ్బ తగిలి ఉంటే ఆ లేపడంతోనే పరిస్థితి విషమిస్తుంది. శ్వాస, నాడి, స్పృహ చూశాక తల నుంచి పాదం దాకా తడిమి చూస్తారు. తుంటి ఎముక విరిగిన కాలు చాలాసార్లు రెండోదానికంటే కాస్త పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటి వైపుకు తిరిగి ఉంటుంది. అందుకే కాళ్లు రెండూ సమానంగా ఉన్నాయా, పాదాలు ఎటు తిరిగి ఉన్నాయి అన్నది నోట్‌లో విడిగా ఉండాలి. ‘కాళ్లు ఓకే’ అంటే చాలదు.

అప్పుడు చూసినవాటితో 14వ మంచం నోట్ ఇలా మొదలవుతుంది. మన ఆసుపత్రుల్లో ఇవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే రాస్తారు. పద్ధతి తెలియడానికి ఇక్కడ తెలుగులో:

“2:40. రోగి మంచానికి కుడివైపు నేల మీద, కుడి పక్కకు ఒత్తిగిలి, తల బాత్‌రూమ్ తలుపు వైపు ఉండగా కనిపించారు. కుడి చేయి ఒంటి కింద ఉంది. పడటం సిబ్బంది ఎవరూ చూడలేదు. చివరిసారి చూసినది 1:50కి, అప్పుడు మంచం మీద నిద్రలో ఉన్నారు. మంచం అతి తక్కువ ఎత్తులో, చక్రాలు లాక్ చేసి ఉన్నాయి. ఎడమ సైడ్ రెయిల్ పైకి, కుడి రెయిల్ కిందికి ఉన్నాయి. కాలింగ్ బెల్ స్విచ్ తలవైపు సెలైన్ స్టాండుకు తగిలించి ఉంది. రోగి పాదాల దగ్గర నేల మీద సుమారు ఒక అడుగు వెడల్పున పసుపు రంగు ద్రవం ఉంది, మూత్రం వాసన వస్తోంది. ఎడమ చేతి క్యాన్యులా ఊడి ఉంది, ఆ చోట కొద్దిగా రక్తం ఉంది.”

ఇందులో ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. అయినా చదివినవాళ్లకు ఆ గది కళ్లకు కడుతుంది. తల బాత్‌రూమ్ వైపు ఉంది, పాదాల దగ్గర మూత్రం ఉంది, కుడి రెయిల్ దించి ఉంది. ఆయన మూత్రానికి లేచి ఉంటాడని ఎవరైనా ఊహించగలరు. ఆ ఊహను మాత్రం నర్సు రాయదు. ద్రవం పడటానికి ముందు కారిందా, పడ్డాక కారిందా అన్నది ఆమెకు తెలియదు. తడిలో కాలు జారడం ఒక కథ, స్పృహ తప్పి మూత్రం పోవడం పూర్తిగా వేరే కథ. 1:50, 2:40 అన్న రెండు సమయాలూ అంతే ముఖ్యం. ఆయన నేల మీద ఎంతసేపు ఉన్నాడో ఎవరికీ తెలియకపోయినా, యాభై నిమిషాలకు మించి ఉండడని ఆ రెండు అంకెలు చెబుతాయి.

కాలింగ్ బెల్ దగ్గర చాలామంది తడబడతారు. స్విచ్ రోగి చేతికి అందేలా పెట్టడం నర్సుల బాధ్యతే. అది స్టాండుకు వేలాడుతోందని రాస్తే తమ మీద తామే ఫిర్యాదు రాసుకున్నట్టు ఉంటుంది. అయినా రాయాల్సిందే, ఎక్కడ ఉందో అక్కడే ఉన్నట్టు రాయాలి. ‘బెల్ అందకపోవడం వల్ల లేచాడు’ అని రాస్తే అది మళ్లీ ఊహే. ‘బెల్ అందుబాటులోనే ఉంది’ అని రాస్తే అబద్ధం. సైడ్ రెయిల్స్ గురించి కూడా ఇలాంటి తొందరపాటే కనిపిస్తుంది. రెయిల్ దించి ఉంది కాబట్టే పడ్డాడని బంధువులూ, కొందరు సిబ్బందీ వెంటనే తేల్చేస్తారు. రెండు రెయిల్సూ ఎత్తి ఉన్నప్పుడు అయోమయంలో ఉన్న రోగి వాటి మీదుగా ఎక్కి దిగబోయి ఇంకా ఎత్తు నుంచి పడటం నర్సులకు బాగా తెలిసిన విషయమే. రెయిల్స్ పతనాలను తగ్గిస్తాయని గట్టి రుజువులూ లేవు.

ఆ తర్వాత విన్నది రాయాలి. రోగి మాట రోగిదిగా, పక్కవాళ్ల మాట పక్కవాళ్లదిగా, కొటేషన్ గుర్తుల మధ్య ఉండాలి:

“రోగి చెప్పినది: ‘బాత్‌రూమ్‌కి పోదామని లేచాను సిస్టర్, కళ్లు బైర్లు కమ్మినయ్. తర్వాత తెలీలేదు. తలకేం తగల్లేదు.’ పక్క మంచం దగ్గరి అటెండెంట్ చెప్పినది: ‘దబ్బుమని శబ్దం అయింది. లేచి చూస్తే పెద్దాయన కింద ఉన్నాడు.’ రోగి అటెండెంట్ (కొడుకు) ఆ సమయంలో వరండాలో నిద్రపోతున్నట్టు చెప్పారు.”

ఈ మాటలను సొంత మాటల్లో కుదించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ‘రోగి జారి పడినట్టు చెప్పారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎంత పోతుందో చూడండి. కళ్లు బైర్లు కమ్మడం, ఆ తర్వాత తెలియకపోవడం అన్న రెండు మాటలూ డాక్టర్‌ని రక్తపోటు వైపు, గుండె లయ వైపు, షుగర్ వైపు నడిపిస్తాయి. జారడం నేల వైపు నడిపిస్తుంది. పక్కవాళ్లు శబ్దం విన్నారు, పడటం చూడలేదు. ఆ తేడా కూడా కొటేషన్‌లోనే నిలుస్తుంది. పక్క మంచం రోగి పేరు మాత్రం ఈ కేస్‌షీట్‌లోకి రాకూడదు. అది ఇంకొకరి గోప్యత.

చివరగా కొలిచినది. నాడి నిమిషానికి 96, లయ తప్పుతోంది. బీపీ 128/76, శ్వాస 20, ఆక్సిజన్ 96 శాతం, వేలి చివర రక్తంలో షుగర్ 142. పిలిస్తే పలకడం కాదు, స్పృహను కూడా అంకెల్లోనే రాస్తారు. 1974లో గ్లాస్గో నగరానికి చెందిన టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు ప్రకటించిన కొలమానం ఇందుకు వాడుకలో ఉంది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. మొత్తం ఒక్కటే రాయకుండా మూడు అంకెలూ విడివిడిగా రాయాలి. ఏ భాగంలో మార్కు తగ్గిందో అప్పుడే తెలుస్తుంది. మన రోగికి 2:45కి కళ్లు 4, మాట 5, కదలిక 6. పేరు, ఊరు, ఆసుపత్రి, నెల సరిగ్గా చెప్పాడు. రెండు కనుపాపలూ 3 మిల్లీమీటర్లు, వెలుతురుకు ముడుచుకుంటున్నాయి. కాళ్లు రెండూ సమానంగా ఉన్నాయి, పాదాలు నిటారుగా ఉన్నాయి, తుంటి దగ్గర నొప్పి లేదన్నాడు. కుడి చెవికి పైన తలలో 2 సెంటీమీటర్ల వాపు ఉంది, నొక్కితే నొప్పి అన్నాడు, చర్మం చిట్లలేదు.

ఇక్కడే ఈ నోట్‌కి అసలు పరీక్ష ఎదురవుతుంది. రోగి తలకేం తగల్లేదంటున్నాడు. తల మీద వాపు కనిపిస్తోంది. రాసేవాళ్లకు ఈ రెంటినీ ఎలాగో సరిపెట్టాలనిపిస్తుంది. వాపు పాతదేమో అని దాన్ని వదిలేయడం ఒక తప్పు, రోగి అబద్ధం చెబుతున్నాడనుకుని ఆయన మాటను వదిలేయడం ఇంకో తప్పు. రెండూ పక్కపక్కన ఉండాలి. ‘తర్వాత తెలీలేదు’ అన్న మనిషికి తలకు తగిలిందో లేదో తెలిసే అవకాశమే తక్కువని నోట్ చదివిన డాక్టర్‌కి వెంటనే తడుతుంది. వార్ఫరిన్ వాడే మనిషికి తల మీద వాపంటే లోపల రక్తస్రావం ఉందేమోనని అనుమానించి తీరాలి.

డాక్టర్‌కి తెలియజేసిన సంగతి కూడా ఇదే తీరున రాయాలి. ‘డాక్టర్‌కి ఇన్‌ఫామ్ చేశాం’ అన్న వాక్యం ఎంత మామూలైపోయిందంటే, అందులో ఏమీ లేదన్న విషయం కూడా ఎవరూ గమనించరు. ఏ డాక్టర్‌కి, ఎన్ని గంటలకు, ఏమని చెప్పారు, ఆయన ఏం చేయమన్నారు అన్న నాలుగు సంగతులుంటేనే అది సమాచారం. ఈ కేసులో 2:48కి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి తల వాపు, వార్ఫరిన్, స్పృహ తప్పిన అనుమానం చెప్పారు. 2:58కి డాక్టర్ వచ్చి చూశారు. మెడ దెబ్బ లేదని డాక్టర్ చూశాక నలుగురు కలిసి రోగిని మంచం మీదికి చేర్చారు. తలకు సీటీ స్కాన్, రక్తం గడ్డకట్టే తీరు తెలిపే ఐఎన్‌ఆర్ పరీక్ష, ఈసీజీ చేయమన్నారు. వార్ఫరిన్ ఆపమన్నారు. 3:05కి కొడుకును వరండా నుంచి పిలిచి విషయం చెప్పారు. ప్రతి వాక్యానికీ ఒక సమయం ఉంది, రాసిన ప్రతి పనికీ చేసినవారు ఎవరో ఉంది.

తలకు దెబ్బ తగిలిందేమో అనుకున్న రోగిని ఎంత తరచుగా చూడాలన్నదానికి బ్రిటన్‌లో పాటించే పద్ధతి ఒకటుంది. స్పృహ మార్కులు 15 ఉంటే మొదటి రెండు గంటలూ అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి చూస్తారు. మన రోగికి 3:15కి మార్పు లేదు. స్కాన్‌కు తీసుకెళ్లే ఏర్పాట్లు జరుగుతుండగా 3:45కి నర్సు మళ్లీ అడిగింది. కళ్లు 4, కదలిక 6, మాట 4. నోట్‌లో ఇలా ఉంది: “ఎక్కడున్నారని అడిగితే ‘ఇంట్లోనే’ అన్నారు. నెల చెప్పలేకపోయారు. కనుపాపల్లో మార్పు లేదు. తలనొప్పి ఉందన్నారు. 3:47కి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పాం.”

ఒక్క మార్కే తగ్గింది. మొదటి నోట్‌లో ‘బాగానే ఉన్నాడు’ అని ఉంటే, ఈ ఒక్క మార్కు నిద్రమత్తు కింద కొట్టుకుపోయేది. గంట క్రితం ఇదే మనిషి ఆసుపత్రి పేరు, నెల సరిగ్గా చెప్పాడని రాసి ఉంది కాబట్టి అది మార్పుగా తేలింది. రోగిని వెంటనే స్కాన్‌కు పంపారు. మెదడుకూ దాన్ని కప్పే పొరకూ మధ్య పలుచగా రక్తం చేరినట్టు తేలింది. వార్ఫరిన్ ప్రభావాన్ని తిప్పికొట్టే మందులు మొదలుపెట్టి న్యూరోసర్జన్‌ని పిలిచారు.

కేస్‌షీట్‌లో రాయకూడనిదీ కొంత ఉంది. ఆ రాత్రి వార్డులో సిబ్బంది ఎంత తక్కువ ఉన్నారు, బెల్ స్విచ్ స్టాండుకు ఎవరు తగిలించారు, ఇకముందు ఏం చేస్తే బాగుంటుంది అన్నవి రోగి చికిత్సకు సంబంధించినవి కావు. వాటికి ఇన్సిడెంట్ రిపోర్టు అనే విడి పత్రం ఉంది. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో అది నాణ్యతా విభాగానికి వెళుతుంది. అమెరికాలో నర్సింగ్ విద్యార్థులకు ఆ రిపోర్టు రాసినట్టు కేస్‌షీట్‌లో ప్రస్తావించవద్దని కూడా నేర్పుతారు. ఇందులో న్యాయవాదుల జాగ్రత్త కొంత ఉన్నమాట నిజమే. అయితే రిపోర్టులో రాశాం కదా అని బెల్ ఉన్న చోటును కేస్‌షీట్ నుంచి తీసేస్తే అది జాగ్రత్త అనిపించుకోదు, దాచడమే అవుతుంది. కళ్లతో చూసినది రెండు చోట్లా ఉండాలి, దాని వెనుక కారణాల విచారణ మాత్రం రిపోర్టులోనే ఉండాలి.

రాతలో తప్పు దొర్లితే దిద్దడానికీ పద్ధతి ఉంది. కుడి చెవి అనబోయి ఎడమ చెవి అని రాశారనుకుందాం. దాని మీద ఒక్క గీత గీసి, కింది మాట చదవడానికి వీలుగానే ఉంచి, పక్కన సరైన మాట, తేదీ, సమయం, సంతకం పెట్టాలి. వైట్‌నర్ పూయకూడదు, కాగితం చించకూడదు. మరిచిపోయిన సంగతి తెల్లవారి గుర్తొస్తే పాత వాక్యాల మధ్య ఇరికించకుండా, ‘ఆలస్యంగా రాసినది’ అని పెట్టి, రాస్తున్న సమయమూ జరిగిన సమయమూ రెండూ వేయాలి. ఇరుకు సందులో వేరే సిరాతో దూరిన వాక్యం నిజమే అయినా, కోర్టులో అది నమ్మకం పోగొడుతుంది. కంప్యూటర్ రికార్డుల్లో ఈ బెడద లేదు కానీ ఇంకోటి వచ్చింది. ‘గాయాలు లేవు’, ‘స్పృహలో ఉన్నారు’ అని ముందే నింపి ఉన్న గడులు చూడకుండానే సేవ్ అయిపోతాయి. అప్పుడు వాపు ఉన్నట్టు ఒక పేజీలోనూ, గాయాలు లేవని ఇంకో పేజీలోనూ ఉంటుంది.

2002లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. రోగో, ఆయన తరఫువాళ్లో అడిగితే 72 గంటల్లో ప్రతులు ఇవ్వాలి. అంటే 14వ మంచం రోగి కొడుకు తన తండ్రికి ఆ రాత్రి ఏమైందో తెలుసుకోవాలనుకుంటే ఈ నోట్‌నే అడిగి తీసుకోవచ్చు.

షిఫ్టు మారేముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. పడే ప్రమాదాన్ని మళ్లీ లెక్కవేయాలి. 1989లో జానిస్ మోర్స్ ప్రచురించిన కొలమానం ప్రకారం ఈ రోగికి చేరినప్పుడు రెండో జబ్బు ఉన్నందుకు 15, సెలైన్ ఉన్నందుకు 20, నడక బలహీనంగా ఉన్నందుకు 10, మొత్తం 45 వచ్చి ఉంటుంది. చాలా ఆసుపత్రులు 45 దాటితేనో, చేరితేనో ప్రమాదం ఎక్కువని లెక్కిస్తాయి. ఇప్పుడు ‘ఇటీవల పడిన చరిత్ర’ కింద ఇంకో 25 కలుస్తుంది. అయోమయాన్ని కూడా లెక్కేస్తే ఇంకా పెరుగుతుంది. తెల్లవారి డ్యూటీకి వచ్చిన నర్సుకు అప్పగించేటప్పుడు ఆ అంకెతో పాటు మూడు సంగతులు చెప్పి నోట్‌లో రాశారు. బెల్ స్విచ్‌ను దిండు పక్కన పెట్టారు, మూత్రానికి మంచం దగ్గరే యూరిన్ పాట్ ఉంచారు, కొడుకును రోగి పక్కనే ఉండమన్నారు.